ఉద్యోగ అనుభవం లేనివాళ్లు డేటా అనలిస్ట్ పోర్ట్‌ఫోలియో ఎలా కట్టుకోవాలి: మదనపల్లె టమాటా ధరలతో ఒక ఉదాహరణ

మా టీమ్‌లోకి ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు వచ్చిన రెజ్యూమెలు ముందుగా చూసే పని కొంతకాలంగా నాదే. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, జూనియర్ డేటా అనలిస్ట్ లాంటి ఉద్యోగాలు అవి. చాలా రెజ్యూమెల్లో ఎక్సెల్ వచ్చు, ఎస్‌క్యూఎల్ వచ్చు, పవర్ బీఐ వచ్చు అని ఉంటుంది, కింద రెండు మూడు సర్టిఫికెట్లు ఉంటాయి. నిజంగా వచ్చో రాదో ఆ కాగితం చూసి చెప్పలేను. ప్రాజెక్టులు అన్న చోట టైటానిక్ ప్రయాణికుల డేటా, సూపర్‌స్టోర్ సేల్స్ డేటా కనిపిస్తాయి. నేర్చుకోవడానికి ఆ రెండూ మంచివే. కాకపోతే వాటి మీద ప్రతి అడుగూ ఎవరో ఒకరు వీడియోలో చేసి చూపించారు. కాబట్టి ఆ ప్రాజెక్టు చూస్తే మీరు వీడియో చివరిదాకా చూశారని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు.

మా పిన్ని కూతురు అనంతపురంలో బీకాం చేసి, ఏడాదిన్నర ఖాళీగా ఉండి, "అక్కా, ఎక్స్‌పీరియన్స్ లేకపోతే ఎవరూ పిలవట్లేదు, ఎవరూ పిలవకపోతే ఎక్స్‌పీరియన్స్ ఎలా వస్తుంది?" అని అడిగింది. అనుభవం బదులు చూపించడానికి సొంత ప్రాజెక్టులు, అంటే పోర్ట్‌ఫోలియో, కట్టుకోమన్నాను. అప్పుడు తనతో చేయించిన పనినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. తన దగ్గర 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంది, సాయంత్రం పూట రెండు గంటల టైమ్ ఉంది. రెండు ప్రాజెక్టులకి రెండున్నర నెలలు పట్టింది.

మొదట ఉద్యోగ ప్రకటనలు చదవండి

ఏ ప్రాజెక్టు చేయాలో ఆలోచించే ముందు నౌకరీ, లింక్డ్ఇన్‌లలో మీరు నిజంగా అప్లై చేయగలిగిన ఇరవై ప్రకటనలు తెరవండి. రెండేళ్లలోపు అనుభవం అడిగేవి, మీరు వెళ్లగలిగే ఊళ్లలో ఉన్నవి మాత్రమే తీసుకోండి. ఒక షీట్‌లో ప్రకటనకి ఒక వరుస పెట్టి, ఏ నైపుణ్యాలు అడిగారో గుర్తు పెట్టండి. మా చెల్లి చేసినప్పుడు దాదాపు అన్నిట్లో ఎక్సెల్ ఉంది, సగానికి పైగా ఎస్‌క్యూఎల్ ఉంది. పైథాన్ కొన్నిట్లోనే ఉంది. తను అప్పటికే పైథాన్ కోర్సుకి డబ్బు కట్టబోతోంది. ఆ షీట్ చూశాక ఆగి, ముందు ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ గట్టిగా పట్టుకుంది. మీ లెక్క వేరేగా రావచ్చు. మీ ప్రాజెక్టుల్లో ఏ పనిముట్లు వాడాలో ఆ షీటే చెబుతుంది.

డేటా కంటే ముందు ప్రశ్న

"టమాటా ధరల అనాలిసిస్" అన్నది ప్రశ్న కాదు. దానికి జవాబు ఉండదు, అందుకే పని ఎప్పటికీ అయిపోదు. ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి, జవాబు ఒక సంఖ్యగానో అవును కాదు అనో రావాలి.

2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కొద్ది వారాలకే ధర పడిపోయింది. మదనపల్లె టమాటా మార్కెట్ దేశంలో పెద్దవాటిలో ఒకటి. మా చెల్లి పెట్టుకున్న ప్రశ్న ఇది: 2023లో మదనపల్లె మార్కెట్లో టమాటా ధర శిఖరానికి చేరిన రోజు నుంచి మళ్లీ మామూలు స్థాయికి రావడానికి ఎన్ని రోజులు పట్టింది?

ఈ ప్రశ్నలో ఒక చిక్కు ఉంది. "మామూలు స్థాయి" అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు, మనమే నిర్ణయించాలి. ఆఫీసులో మేనేజర్ అడిగే ప్రశ్నలు కూడా ఇలాగే వస్తాయి. "సేల్స్ ఎందుకు తగ్గాయి?" అంటారు, దేనితో పోలిస్తే తగ్గాయో చెప్పరు. కాబట్టి ఇలాంటి మాట ఒకటి ఉన్న ప్రశ్ననే ఎంచుకోండి, దాన్ని మీరు ఎలా నిర్వచించారో రాసిపెట్టండి. మా చెల్లి 2023 జనవరి నుంచి మే వరకు ఉన్న రోజువారీ ధరల మధ్యస్థం, అంటే మీడియన్, తీసుకుంది. వరుసగా ఏడు మార్కెట్ రోజులు ధర ఆ మీడియన్‌కి ఒకటిన్నర రెట్ల కంటే తక్కువ ఉంటే మామూలుకి వచ్చినట్టు అనుకుంది. ఏడే ఎందుకు, ఒకటిన్నరే ఎందుకు అంటే, ఒక్కరోజు ధర పడి మళ్లీ లేచే సందర్భాలు లెక్కలోకి రాకుండా ఉండడానికి. వేరే హద్దు పెట్టుకున్నా తప్పు లేదు. హద్దు మార్చితే జవాబు ఎంత మారుతుందో కూడా ఒకసారి చూసి రాస్తే ఇంకా మంచిది.

మీకు టమాటాయే అక్కర్లేదు. గుంటూరు మిర్చి, నిజామాబాద్ పసుపు, మీ ఊరి వర్షపాతం, మీకు కాస్త తెలిసిన విషయం ఏదైనా పనికొస్తుంది. తెలిసిన విషయం అయితే డేటాలో తప్పు ఉన్నప్పుడు కంటికి తగులుతుంది. అదే ముఖ్యం.

డేటా తెచ్చుకోవడం, ముట్టుకోకుండా ఒక కాపీ దాచడం

మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు కేంద్ర ప్రభుత్వ సైటు agmarknet.gov.in లో ఉంటాయి. data.gov.in లో కూడా మండీ ధరల డేటా దొరుకుతుంది. తెలంగాణ ప్రభుత్వానికి data.telangana.gov.in అని వేరే పోర్టల్ ఉంది. టమాటా ధరల్లో మనకు కావలసిన కాలమ్‌లు మార్కెట్ పేరు, రకం, తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకి అమ్ముడైందో అది. ధరలన్నీ క్వింటాల్‌కి రూపాయల్లో ఉంటాయి. కిలో ధర కావాలంటే వందతో భాగించాలి. మీరు ఇంట్లో కొన్న ధరతో దీన్ని పోల్చకండి. ఇది యార్డులో రైతుకి పలికిన ధర, దుకాణంలో ధర కాదు.

దించుకున్న ఫైలుని `raw` అనే ఫోల్డర్‌లో పెట్టి, ఏ రోజు ఎక్కడినుంచి దించుకున్నారో రాసుకోండి. ఆ ఫైలుని ఇక ముట్టుకోకూడదు, మార్పులన్నీ కాపీలోనే చేయాలి. ఇది చాదస్తం కాదు. మూడు వారాల తర్వాత ఒక సంఖ్య తేడాగా కనిపిస్తే అది మూలంలోనే అలా ఉందా, మనం పాడు చేశామా అని చూసుకోవడానికి ఇంకో దారి ఉండదు.

శుభ్రం చేయడం: అసలు పని ఇక్కడే ఉంది

నేను ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగేది ఈ భాగం గురించే. నిజమైన డేటాతో పని చేసినవాళ్లు దీని గురించి కథలు కథలుగా చెబుతారు.

మొదటి దెబ్బ తేదీలతో తగులుతుంది. ఫైలులో 05/07/2023 అని ఉంటే మనకి అది జూలై 5. మీ కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే ఎక్సెల్ దాన్ని మే 7 అనుకుంటుంది. 25/07/2023 లో నెల 25 ఉండదు కాబట్టి దాన్ని తేదీగా గుర్తించలేక అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే కొన్ని తేదీలు తారుమారై, మిగతావి తేదీలే కాకుండా పోతాయి. ఎర్రర్ ఏదీ రాదు. దీన్ని పట్టుకోవడం తేలిక: కాలమ్‌ని వెడల్పు చేసి చూడండి. నిజమైన తేదీలు గడిలో కుడివైపుకి, అక్షరాలుగా మిగిలినవి ఎడమవైపుకి ఆని ఉంటాయి. రెండూ కలగలిసి ఉంటే తేదీలు పాడైనట్టే. అలాంటప్పుడు ఆ ఫైలు వదిలేసి మళ్లీ `raw` నుంచి మొదలుపెట్టండి. ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, ఖాళీ షీట్‌లోకి Data మెనూ నుంచి తెచ్చుకుని తేదీ కాలమ్‌ని టెక్స్ట్‌గా ఉంచండి. తర్వాత Text to Columns లో Date ఎంచుకుని DMY పెట్టండి. చివరగా తేదీల ఫార్మాట్ `yyyy-mm-dd` కి మార్చి సీఎస్‌వీగా సేవ్ చేయండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

రెండోది రకాలు. ఒకే రోజుకి ఒకే మార్కెట్లో హైబ్రిడ్‌కి ఒక వరుస, లోకల్‌కి ఒక వరుస ఉండొచ్చు. వాటిని డూప్లికేట్లు అనుకుని తీసేస్తే ఏది మిగులుతుందో మన చేతిలో ఉండదు. అన్నిటినీ కలిపి సగటు తీస్తే, రెండు రకాలూ వచ్చిన రోజుకి ఒక అర్థం, ఒకటే వచ్చిన రోజుకి ఇంకో అర్థం వస్తుంది. ఎక్కువ రోజులు ఉన్న రకాన్ని ఒక్కదాన్నే తీసుకుని, ఆ సంగతి రాయండి.

మూడోది ఎంట్రీ తప్పులు. క్వింటాల్ ధర వేయాల్సిన చోట ఎవరో కిలో ధర వేస్తారు, 2500 బదులు 25 పడుతుంది. ఇంకోచోట సున్నా ఎక్కువ పడుతుంది. ప్రతి వరుసలో కనిష్ఠం, మోడల్, గరిష్ఠం అదే క్రమంలో పెరగాలి, లేదా సమానంగా ఉండాలి. అలా లేనివన్నీ అనుమానించాల్సినవే. దీనికి ఎస్‌క్యూఎల్ వాడవచ్చు.

పాత లాప్‌టాప్‌కి DB Browser for SQLite సరిపోతుంది. ఉచితం, సర్వర్ ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. కొత్త డేటాబేస్ తెరిచి, File, Import, Table from CSV file అని వెళ్లి మీరు సేవ్ చేసిన ఫైలుని `prices` పేరుతో తెచ్చుకోండి. కాలమ్ పేర్లని ముందే ఫైలులో చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా మార్చుకుంటే సుఖం. తర్వాత ఇది నడపండి:

```sql
SELECT * FROM prices
WHERE modal_price < min_price
   OR modal_price > max_price;
```

వందల వరుసలు వస్తే భయపడకండి. ధరల్లో 1,200 లాగా కామాలు ఉండి, కాలమ్ మొత్తం అక్షరాలుగా దిగి ఉండొచ్చు. అక్షరాలుగా పోలిస్తే 900 అనేది 1200 కంటే పెద్దదవుతుంది, ఎందుకంటే 9 అనే అక్షరం 1 తర్వాత వస్తుంది. షీట్‌లో కామాలు తీసేసి మళ్లీ ఇంపోర్ట్ చేయండి. అప్పుడు మిగిలే కొద్ది వరుసలే నిజమైన తప్పులు. వాటిని ఒక్కొక్కటిగా, ముందురోజు తర్వాతిరోజు ధరలతో కలిపి చూడండి. అటూ ఇటూ 2400, 2600 ఉండి మధ్యలో 25 ఉంటే అది కిలో ధర అని అర్థమవుతుంది. సరిచేయాలా, తీసేయాలా అన్నది మీ నిర్ణయం. నేనైతే తీసేసి, తీసేసిన వరుసల పట్టిక వేరే ఫైలులో పెడతాను. మనం ఊహించిన సంఖ్యని డేటాలో కలపకుండా ఉండడం మేలు.

కొన్ని తేదీలకి అసలు వరుసే ఉండదు. మార్కెట్‌కి సెలవు కావచ్చు, రిపోర్ట్ రాకపోయి ఉండొచ్చు. అక్కడ సున్నా పెట్టకండి. సున్నా పెడితే ఆ రోజు టమాటా ఊరికే ఇచ్చారని అర్థం వస్తుంది, సగటు మొత్తం కిందకి పోతుంది. మా చెల్లి మొదటిసారి ఈ తప్పే చేసింది. గ్రాఫ్ రంపం పళ్లలా వచ్చాక గానీ తనకి అనుమానం రాలేదు.

జవాబు రాబట్టడం

నెలవారీ చిత్రం ముందు చూడండి. మార్కెట్ పేరు, రకం పేరు మీ ఫైలులో ఎలా ఉన్నాయో అచ్చంగా అలాగే రాయాలి, స్పెల్లింగ్ మనం అనుకున్నట్టు ఉండకపోవచ్చు. `SELECT DISTINCT market FROM prices;` అని అడిగితే ఏముందో చూపిస్తుంది.

```sql
SELECT strftime('%Y-%m', arrival_date) AS month,
       COUNT(DISTINCT arrival_date) AS days,
       ROUND(AVG(modal_price) / 100.0, 1) AS avg_kg
FROM prices
WHERE market = 'Madanapalli'
  AND variety = 'Hybrid'
GROUP BY month
ORDER BY month;
```

తేదీల్ని `yyyy-mm-dd` లో సేవ్ చేయమన్నది ఇందుకే. వేరే రూపంలో ఉంటే `strftime` కి అర్థం కాదు, నెలలన్నీ కలిసి NULL అనే ఒకే వరుసగా వస్తాయి. `days` అన్న కాలమ్ ఊరికే పెట్టలేదు. ఒక నెలలో ఇరవై ఐదు రోజులు, ఇంకో నెలలో ఆరు రోజులే ఉంటే ఆ రెండు సగటుల్ని ఒకేలా నమ్మకూడదు. అది చూపించిన ఫ్రెషర్‌ని నేను మర్చిపోను.

ఎస్‌క్యూఎల్ఐట్‌లో మామూలుగా మీడియన్‌కి ఫంక్షన్ ఉండదు. అందుకని ఆ ఏడాది వరుసల్ని తేదీల క్రమంలో ఎక్సెల్‌లోకి తెచ్చి, జనవరి నుంచి మే వరకు ఉన్నవాటికి `=MEDIAN(...)` వేయడం తేలిక. తర్వాత శిఖరం రోజు గుర్తించి, అక్కడినుంచి కిందకి దిగుతూ, హద్దు కంటే తక్కువున్న రోజులు వరుసగా ఏడు ఎక్కడ వచ్చాయో చూడండి. పక్కన ఒక కాలమ్‌లో, ధర హద్దు కంటే తక్కువైతే పై గడికి ఒకటి కలపడం, కాకపోతే సున్నా చేయడం అనే ఫార్ములా చాలు. ఈ ఉదాహరణలో J2 లో ధర, K2 లో లెక్క, N1 లో హద్దు ఉన్నాయి:

```
=IF(J2<$N$1, N(K1)+1, 0)
```

K కాలమ్‌లో, శిఖరం తర్వాత, మొదటిసారి 7 కనిపించిన చోటే మీ జవాబు. అయితే ఏడో రోజుని లెక్కించాలా, ఆ ఏడులో మొదటి రోజునా? మా చెల్లి మొదటి రోజుని తీసుకుంది, ఎందుకంటే ధర దిగింది ఆ రోజే, మిగతా ఆరూ అది నిజమని రుజువు చేశాయి అని చెప్పింది. నాకు ఆ వాదన నచ్చింది.

గ్రాఫ్ ఒక్కటి చాలు. అడ్డంగా తేదీలు, నిలువుగా కిలో ధర, హద్దు దగ్గర ఒక గీత. గ్రాఫ్ శీర్షికలో "మదనపల్లె టమాటా ధరలు 2023" అని రాసి వదిలేయకండి, మీకు వచ్చిన జవాబునే శీర్షికగా రాయండి.

పవర్ బీఐ గురించి ఒక మాట. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే, కానీ విండోస్‌లోనే నడుస్తుంది, 4 జీబీ మెషీన్‌లో బాగా నెమ్మదిగా ఉంటుంది. తయారైన డ్యాష్‌బోర్డ్‌ని ఆన్‌లైన్‌లో పెట్టాలంటే కాలేజీ మెయిలో ఆఫీసు మెయిలో కావాలి, జీమెయిల్‌తో ఖాతా తెరవనివ్వదు. కాలేజీ మెయిల్ లేనివాళ్లు ఫైలు, స్క్రీన్‌షాట్లు పెడితే సరిపోతుంది. లేదంటే టాబ్లో పబ్లిక్, లుకర్ స్టూడియో ఉన్నాయి.

రెండో ప్రాజెక్టు ఒక మనిషి కోసం చేయండి

మొదటి ప్రాజెక్టుతో మీకు డేటా మీద పని వచ్చని తెలుస్తుంది. ఇంకొకరి అవసరం విని, దానికి తగ్గట్టు చేసి ఇవ్వగలరా అన్నది దానితో తెలియదు. ఉద్యోగ అనుభవం అని కంపెనీలు అడిగేదాంట్లో పెద్ద భాగం అదే. అందుకే రెండోది మీ వీధిలో ఎవరికైనా చేసి పెట్టండి.

మా చెల్లి వాళ్ల ఇంటి దగ్గరి మెడికల్ షాపు ఆయనకి చేసింది. ఆయన సమస్య ఎక్స్‌పైరీ మందులు. గడువు దగ్గర పడిన స్ట్రిప్‌లని సమయానికి పక్కకి తీసి డిస్ట్రిబ్యూటర్‌కి తిప్పి పంపకపోతే ఆ డబ్బు పోతుంది. ఆయన పుస్తకంలో రాసుకునేవారు, నెలకోసారి పేజీలు తిరగేసేవారు. తను వెళ్లి, "అంకుల్, మీరు ఇది ఇప్పుడు ఎలా చూస్తున్నారో ఒకసారి చేసి చూపిస్తారా?" అని అడిగి, అరగంట పక్కన నిలబడి చూసింది. ఆ అరగంటే పనిని మార్చేసింది. తను డ్యాష్‌బోర్డ్ చేద్దామనుకుంది. ఆయనకి కావలసింది మాత్రం, వచ్చే మూడు నెలల్లో గడువు తీరేవి ఏ డిస్ట్రిబ్యూటర్‌కి ఎన్ని ఉన్నాయో ఫోన్‌లో కనిపించే ఒక జాబితా. గూగుల్ షీట్ చాలు.

ఇందులో ఒక చిన్న ఉచ్చు ఉంది. మందు పెట్టె మీద గడువు నెల, సంవత్సరం మాత్రమే ఉంటుంది, 08/2026 అని. అంటే ఆగస్టు చివరిరోజు దాకా వాడొచ్చు. షీట్‌లో అలా టైప్ చేస్తే అది ఆగస్టు 1 అయి కూర్చుంటుంది. ప్రతి మందూ దాదాపు నెల ముందే గడువు తీరినట్టు చూపిస్తుంది. నెల చివరిరోజు తెచ్చుకుని, మిగిలిన రోజులు ఇలా లెక్కించాలి:

```
=EOMONTH(D2,0)-TODAY()
```

తొంభై రోజుల కంటే తక్కువున్న వరుసలకి రంగు పడేలా పెట్టి, డిస్ట్రిబ్యూటర్ వారీగా ఒక పివట్ టేబుల్ ఇచ్చింది. రెండు వారాలు ఆయన వాడాక మళ్లీ వెళ్లి చూసింది. ఆయన బ్యాచ్ నంబర్లు ఎక్కించడం మానేశారు, టైప్ చేయడం కష్టంగా ఉందట. బ్యాచ్ కాలమ్‌ని చివరికి జరిపి, డిస్ట్రిబ్యూటర్ పేర్లకి డ్రాప్‌డౌన్ పెట్టింది. ఈ రెండోసారి వెళ్లడాన్ని మాత్రం మానకండి. ఇంటర్వ్యూలో తనచేత ఎక్కువసేపు మాట్లాడించింది ఆ డ్రాప్‌డౌనే.

బయటికి చూపించే కాపీలో షాపు పేరు, డిస్ట్రిబ్యూటర్ల పేర్లు, కొన్న ధరలు ఉండకూడదు. పేర్లు మార్చి, సంఖ్యలు కల్పించి ఒక నమూనా షీట్ చేయండి, అది నమూనా అని పైనే రాయండి. యజమానిని అడిగి, ఒప్పుకున్నాకే ఏదైనా చూపించండి. కొనుగోలుదారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న డేటా అయితే అసలు తీసుకోకండి.

మూడో ప్రాజెక్టు కావాలా అని అడుగుతారు. నా అభిప్రాయంలో బాగా చేసిన రెండు చాలు. పైపైన చేసిన ఆరు ఉంటే నేను వాటిలో అన్నిటికంటే బలహీనమైనదాన్నే పట్టుకుని అడుగుతాను.

ఎక్కడ పెట్టాలి, ఏం రాయాలి

ప్రాజెక్టు ఫైళ్లని అందరికీ కనిపించేలా పెట్టుకునే గిట్‌హబ్ సైటులో మీ పేరుతో ఖాతా తెరవండి. కోడింగ్ రాకపోయినా బ్రౌజర్ నుంచే ఫైళ్లు ఎక్కించొచ్చు. అలా ఎక్కించేటప్పుడు ఒక్కో ఫైలు 25 ఎంబీ దాటకూడదు, మన టమాటా ఫైలు అంత ఉండదు. ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో రిపాజిటరీ. మూల డేటా, శుభ్రం చేసిన డేటా, ఎస్‌క్యూఎల్ ఫైలు, గ్రాఫ్ చిత్రం, తీసేసిన వరుసల పట్టిక పెట్టండి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ `README.md` మీద, అంటే ప్రాజెక్టు పేజీ తెరవగానే కనిపించే వివరణ మీద పెట్టాలి, ఎందుకంటే చాలామంది అదొక్కటే చదువుతారు. అది ఇంగ్లిష్‌లో, చిన్న వాక్యాల్లో, ఒక పేజీ దాటకుండా ఉండాలి. మొదటి వాక్యంలో ప్రశ్న, రెండో వాక్యంలో జవాబు, వెంటనే గ్రాఫ్. ఆ తర్వాత డేటా ఎక్కడిది, ఎప్పుడు దించుకున్నారు, ఎన్ని వరుసలు ఉన్నాయి, ఎన్ని తీసేశారు, ఎందుకు. "మామూలు స్థాయి" అన్నదాన్ని ఎలా నిర్వచించారు. చివర్లో ఈ జవాబు ఏం చెప్పలేదో రాయండి: ఇది ఒక్క మార్కెట్, ఒక్క రకం, రోజుకి ఎంత సరుకు వచ్చిందో లెక్కలో లేదు, ధర ఎందుకు పెరిగిందో దీని నుంచి తెలియదు. ఈ చివరి పేరా రాయడానికి జంకుతారు, బలహీనత ఒప్పుకున్నట్టు ఉంటుందని. నాకు మాత్రం అది కనిపిస్తే నమ్మకం కలుగుతుంది.

లింక్ పంపే ముందు బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ కాకుండా అదే లింక్ నొక్కి చూడండి. గూగుల్ షీట్ లింకులు చాలాసార్లు Restricted లోనే ఉండిపోతాయి. అవతలివాళ్లకి అనుమతి అడగమనే పేజీ వస్తుంది. వాళ్లు అడగరు, తర్వాతి రెజ్యూమెకి వెళ్లిపోతారు. నేనూ అలా వెళ్లినదాన్నే.

రెజ్యూమెలో ఈ రెండూ "ప్రాజెక్టులు" అన్న శీర్షిక కిందే ఉండాలి, అనుభవం కింద కాదు. డబ్బు తీసుకుని రెండేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్లు ఇప్పిస్తామనేవాళ్లు తగులుతారు. ఆ దారికి వెళ్లకండి. వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడిగితే అక్కడే దొరికిపోతారు, చేరిన తర్వాత కూడా తీసేస్తారు. ప్రాజెక్టు గురించి ఒక్కో దానికి రెండు పంక్తులు రాయండి: ఏ ప్రశ్న, ఎంత డేటా, ఏ పనిముట్టు, ఏం తేలింది. మెడికల్ షాపు విషయంలో ఇంకో మాట కలపండి, ఒక యజమాని దాన్ని వాడుతున్నారని. వాడటం మానేస్తే ఆ మాట తీసేయండి.

ఇంటర్వ్యూకి ముందు రాత్రి

నేను అడిగేవి ఇలా ఉంటాయి. ఎన్ని వరుసలు తీసేశారు, ఒకటి చూపించండి. సగటు ఉండగా మీడియన్ ఎందుకు? ఈ నెలలో ఆరు రోజులే ఉన్నాయి, ఏం చేశారు? ఇదే ప్రశ్న వేరే మార్కెట్‌కి అడిగితే ఏం మార్చాలి? చివరి ప్రశ్నకి స్క్రీన్ షేర్ చేసి అక్కడికక్కడే చేయమంటాను. సొంతంగా చేసినవాళ్లు `WHERE` పంక్తిలో పేరు మార్చి నడుపుతారు, ఖాళీ ఫలితం వస్తే స్పెల్లింగ్ చూసుకుంటారు. కాపీ కొట్టినవాళ్లు ఖాళీ ఫలితం దగ్గర ఆగిపోతారు.

కాబట్టి ముందు రాత్రి కొత్త కోర్సు వీడియోలు చూడకండి. శుభ్రం చేసిన ఫైలుని పక్కన పెట్టి, `raw` ఫోల్డర్‌లో ఉన్న మూల ఫైలుతో మొదటినుంచి చివరిదాకా ఒకసారి మళ్లీ చేయండి. మొదట రెండు వారాలు పట్టిన పని అప్పటికి గంటన్నరలో అయిపోవాలి. ఎక్కడ తడబడ్డారో అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. మా చెల్లికి అది తేదీల దగ్గర వచ్చింది, Text to Columns ఎక్కడుందో మర్చిపోయింది. మర్నాడు ఇంటర్వ్యూలో అడిగిన రెండో ప్రశ్న తేదీల గురించే.